చెక్కులో 80 గంటలు పడ్డాయి, పీటీఓ మాత్రం తక్కువెందుకు పడింది?

*అన్నయ్యా, నేను శాక్రమెంటోలో ఒక ఫార్మసీలో గంటల లెక్కన పని చేస్తున్నాను. గంటకి 24 డాలర్లు, రెండు వారాలకోసారి జీతం. ఏడాదికి 80 గంటల పీటీఓ అని జాయిన్ అయినప్పుడు చెప్పారు. ప్రతి చెక్కుకీ 3.08 గంటలు పడేవి. ఈసారి బాబుకి జ్వరమొచ్చి రెండు రోజులు పీటీఓ పెట్టాను, చెక్కులో 80 గంటల డబ్బులూ వచ్చాయి కానీ పీటీఓ 2.46 మాత్రమే పడింది. ఇంకో రెండు నెలల్లో వేరే ఉద్యోగానికి వెళ్తున్నాను. మిగిలిన గంటలన్నీ మానేసేలోపు వాడేయకపోతే పోతాయని టెక్సాస్‌లో ఉన్న నా ఫ్రెండ్ అంటోంది, తనకి అలాగే పోయాయట. నిజమేనా? పే స్టబ్ ఫొటో పంపుతున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది.*

చెల్లెమ్మా, మీ స్టబ్ చూశాను. లెక్క తప్పలేదు, గంటలూ పోవు. కానీ మీరు అడగని తప్పొకటి అందులో కనిపించింది, దాని ఖరీదు కొన్ని వందల డాలర్లు. ముందు అడిగినవాటి సంగతి చూద్దాం.

మీ స్టబ్ అడుగున ఉన్న ముక్క ఇదీ:

```
        Beginning  Accrued   Used    Balance
PTO      109.94     2.46    16.00     96.40
SICK      39.07     2.13     0.00     41.20
```

గంటల లెక్కన పనిచేసేవాళ్లకి చాలా కంపెనీల్లో సెలవు "చెక్కుకి ఇంత" అని పడదు, "పనిచేసిన గంటకి ఇంత" అని పడుతుంది. ఏడాదికి 52 వారాలు, వారానికి 40 గంటలు, మొత్తం 2,080 గంటలు. మీకిస్తామన్న 80 గంటల్ని ఆ 2,080తో భాగిస్తే 0.03846 వస్తుంది. అంటే మీరు ఒక గంట పని చేస్తే రెండు నిమిషాల పైచిలుకు సెలవు జమవుతుంది. రెండు వారాల్లో 80 గంటలూ పనిచేస్తే 3.08. ప్రతిసారీ అదే అంకె కనబడుతుంటే అది స్థిరంగా పడే మొత్తం అనుకోవడం సహజమే, నేనూ పేరోల్‌లో చేరిన కొత్తలో అలాగే అనుకుని ఒకావిడకి తప్పు సమాధానం చెప్పి మాట పడ్డాను.

ఈసారి మీరు పని చేసింది 64 గంటలు, మిగతా 16 గంటలు సెలవు. 64ని 0.03846తో గుణించండి, సరిగ్గా 2.46 వస్తుంది. చెక్కులో 80 గంటల డబ్బులు పడ్డా, జమ లెక్కకి మీ కంపెనీ చూసేది పనిచేసిన గంటల్నే. కొన్ని కంపెనీలు జీతమిచ్చిన గంటలన్నిటికీ, అంటే సెలవు గంటలకి కూడా జమ వేస్తాయి. మీ హ్యాండ్‌బుక్‌లో "hours worked" అని ఉందో "hours paid" అని ఉందో చూడండి, ఆ ఒక్క మాటే తేడా. స్టబ్‌ని బట్టి మీది మొదటి రకమే. అలాంటప్పుడు థాంక్స్‌గివింగ్ లాంటి పెయిడ్ హాలిడే వచ్చిన చెక్కులో కూడా 72 గంటలకే జమ పడి 2.77 కనిపిస్తుంది, అప్పుడు మళ్లీ కంగారు పడకండి. ఓవర్‌టైమ్ సంగతి కూడా ఇలాంటిదే: వారంలో 36 గంటలు పనిచేసి 8 గంటలు పీటీఓ పెడితే కాగితం మీద 44 అవుతాయి గానీ ఆ పై నాలుగు గంటలకి ఒకటిన్నర రేటు రాదు, ఎందుకంటే సెలవు గంటలు పనిచేసినవాటి కిందకి రావు.

ఇప్పుడు మీ ఫ్రెండ్ మాట. ఆమె అబద్ధం చెప్పడం లేదు, ఆమెకి జరిగింది నిజమే అయుంటుంది. అమెరికాలో ప్రైవేటు కంపెనీ సెలవు ఇచ్చి తీరాలని గానీ, మిగిలిన సెలవుకి డబ్బు కట్టాలని గానీ ఫెడరల్ చట్టం చెప్పదు. దాన్ని రాష్ట్రాలకి వదిలేశారు. టెక్సాస్‌లో కంపెనీ రాతపూర్వకంగా ఇస్తామని పాలసీలో పెట్టుకుంటేనే మానేసినప్పుడు ఇవ్వాలి, లేకపోతే లేదు. ఆమె కంపెనీ పాలసీలో ఆ మాట లేకపోయుంటుంది, అంతే. మీరున్నది కాలిఫోర్నియాలో. ఇక్కడ పీటీఓ అంటే కంపెనీ దయతో ఇచ్చే సెలవు కాదు, మీరు పని చేసి సంపాదించుకున్న జీతంలో ఇంకా చేతికి రాని భాగం. 1982లో సుయాస్టెజ్ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది ఇదే: సెలవు రోజురోజుకీ సంపాదించేదే, ఏడాది పూర్తయ్యాకే వచ్చేది కాదు, సంపాదించింది వెనక్కి లాక్కోవడానికి వీల్లేదు. లేబర్ కోడ్ 227.3 ప్రకారం ఉద్యోగం వదిలిన రోజున మిగిలిన గంటలన్నిటికీ డబ్బు కట్టాలి. డిసెంబర్ 31తో మిగిలినవి రద్దు అని హ్యాండ్‌బుక్‌లో రాసుకున్నా అది ఇక్కడ చెల్లదు. మీది యూనియన్ ఉన్న చోటైతే మాత్రం ఆ ఒప్పందంలో వేరేగా రాసుకునే వీలుంది, అది ఒకసారి చూసుకోండి.

ఎంత రేటుకి కట్టాలంటే, చివరి రేటుకి. మీకు మొదట్లో 20 డాలర్లు ఉండి, ఆ రోజుల్లో జమైన గంట ఇంకా బాలన్స్‌లో ఉందనుకోండి, దానికి కూడా ఇప్పుడు 24 డాలర్లే లెక్క. 120 గంటలు దాచుకున్న మనిషికి 20 రేటున 2,400 అయ్యేది 24 రేటున 2,880 అవుతుంది. జీతం పెరిగిన ప్రతిసారీ పాత గంటల విలువ కూడా దాంతోపాటే పెరుగుతుంది. కంపెనీల వాళ్లకి ఈ పెరిగే బాకీ అంటే భయం, అందుకే ఒక పరిమితి పెడతారు. దాని సంగతికి వస్తున్నా.

అంతకంటే ముందు నేను చెప్పిన ఆ తప్పు. మీ స్టబ్‌లో రెండు వరసలున్నాయి, ఒకటి పీటీఓ, రెండోది సిక్. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి, రెండిటికీ గంటలే, రెండూ సెలవే. కానీ ఉద్యోగం వదిలే రోజున మీ పీటీఓకి గంటకి 24 డాలర్లు వస్తాయి, సిక్‌కి సున్నా. కాలిఫోర్నియా సిక్ లీవ్ చట్టం ప్రకారం ప్రతి 30 గంటల పనికీ కనీసం ఒక గంట జమ కావాలి (మీకు పడిన 2.13 అదే, 64ని 30తో భాగిస్తే వచ్చేది), కానీ మానేసేటప్పుడు దానికి డబ్బు కట్టాలని ఆ చట్టంలో లేదు. ఏడాదిలోపు మళ్లీ అదే కంపెనీలో చేరితే ఆ బాలన్స్ తిరిగి పెట్టాలి, అంతవరకే. రెండూ కలిపి ఒకే పీటీఓ ఖాతా నడిపే కంపెనీలూ ఉన్నాయి, అక్కడైతే మొత్తం బాలన్స్‌కి డబ్బు కట్టాల్సిందే. మీది విడివిడి.

మీరేం చేశారంటే, బాబుకి జ్వరమొస్తే పీటీఓలోంచి 16 గంటలు తీశారు. సిక్‌లో అప్పటికే 39 గంటలు ఉన్నాయి. ఆ చట్టం మీ జబ్బుకే కాదు, పిల్లల జబ్బుకీ, తల్లిదండ్రుల జబ్బుకీ, డాక్టర్ అపాయింట్‌మెంట్‌కీ వర్తిస్తుంది, ఏడాదికి 40 గంటల వరకు లేదా ఐదు రోజుల వరకు వాడుకోవచ్చు. అంటే డబ్బుగా మారే గంటలు ఖర్చుపెట్టి, డబ్బుగా మారని గంటల్ని దాచుకున్నారు. 16 గంటలు అంటే 384 డాలర్లు. మీరొక్కరే కాదు, "సిక్ ఎప్పుడైనా పెద్ద జబ్బు చేస్తే ఉంటుందిలే" అని దాచిపెట్టి, చిన్నచిన్న వాటికి పీటీఓ వాడేవాళ్లని నేను చాలామందిని చూశాను, అందులో మన తెలుగువాళ్లు కాస్త ఎక్కువే, మనకి దాచుకోవడం అలవాటు కదా, కాకపోతే ఇక్కడ దాచాల్సింది పీటీఓని.

కాబట్టి వెంటనే పేరోల్‌కి ఒక ఈమెయిల్ పెట్టండి: ఆ రెండు రోజులూ బాబు అనారోగ్యం వల్ల తీసుకున్నవి, పొరపాటున పీటీఓ కింద పెట్టాను, సిక్ కింద మార్చగలరా అని. తప్పకుండా ఒప్పుకుంటారన్న గ్యారంటీ లేదు, కానీ నేను పేరోల్‌లో ఉన్నప్పుడు అదే నెలలో అడిగినవి చాలావరకు మార్చేవాళ్లం, సిస్టమ్‌లో కోడ్ మార్చడమే తప్ప అందులో పెద్ద పనేం ఉండదు. ఆర్నెల్ల తర్వాత అడిగితేనే విసుక్కునేవాళ్లం.

మారిస్తే మీ పీటీఓ 112.40 అవుతుంది, సిక్ 25.20కి దిగుతుంది. ఇక్కడే ఆ పరిమితి అడ్డొస్తుంది. సంపాదించిన సెలవు లాక్కోకూడదు గానీ, ఒక మొత్తం దాటాక కొత్తగా జమ ఆపడానికి కాలిఫోర్నియాలో అనుమతి ఉంది. మీ హ్యాండ్‌బుక్‌లో అది ఎంతో చూడండి. ఏడాది సెలవుకి ఒకటిన్నర రెట్లు పెట్టడం బాగా వాడుకలో ఉంది, మీ విషయంలో 120 గంటలు. మీది కూడా అదే అనుకుని లెక్క వేస్తాను, వేరే అంకె ఉంటే అది పెట్టుకుని ఇలాగే వేసుకోండి. పరిమితికి చేరారని ఎవరూ ఈమెయిల్ పంపరు, స్టబ్‌లో `Accrued` కింద 0.00 కనబడుతుంది, `Balance` కదలదు, అంతే. కొంతమంది నెలల తరబడి అది గమనించరు. మీలాంటివాళ్లకి అలా ఆగిన ప్రతి చెక్కుకీ 3.08 గంటలు, అంటే దాదాపు 74 డాలర్లు, రాకుండా పోతుంది. అది సంపాదించనే లేదు కాబట్టి తర్వాత అడగడానికీ ఉండదు.

మీరు వెళ్లేలోపు ఇంకా నాలుగు చెక్కులు ఉన్నాయనుకుందాం. మార్చకుండా వదిలేస్తే 96.40కి నాలుగుసార్లు 3.08 కలిసి 108.72 గంటలు, 24 చొప్పున 2,609 డాలర్లు. మారిస్తే 112.40 నుంచి మొదలై మూడో చెక్కుకే 120 తగిలి అక్కడే ఆగిపోతుంది, అప్పుడు 2,880 డాలర్లు. అంటే 16 గంటలు వెనక్కి తెచ్చినా నిజంగా చేతికొచ్చేది 11 గంటల చిల్లరే, మిగతాది పరిమితి మింగేస్తుంది.

దానికి విరుగుడు ఉంది. మారిన తర్వాత రెండో చెక్కు లోపల ఒక రోజు పీటీఓ పెట్టండి, నిజంగా సెలవు తీసుకోండి, ఇంట్లో పడుకోండి, మీ ఇష్టం. 8 గంటలు తగ్గుతాయి, ఆ చెక్కులో జమ కూడా 2.77కి తగ్గుతుంది, కానీ ఇక 120 ఎక్కడా తగలదు కాబట్టి ఆ తర్వాత రెండు చెక్కులకీ పూర్తి 3.08 పడుతుంది. చివరికి బాలన్స్ 116.41. సెలవు పెట్టకుండా ఉంటే వచ్చేది 120. అంటే 8 గంటల జీతంతో ఇంట్లో ఉండి, చివరి లెక్కలో పోగొట్టుకునేది మూడున్నర గంటలే. పరిమితి దగ్గర్లో ఉన్నప్పుడు సెలవు పెట్టడం ఇంత చవక. దూరంగా ఉన్నప్పుడు మాత్రం తీసుకున్న ప్రతి గంటా చివర్లో రావాల్సిన గంటలోంచే పోతుంది.

"వాడేయాలా, డబ్బు తీసుకోవాలా" అన్న మీ అసలు సందేహానికి నా అభిప్రాయం: పరిమితికి కింద ఉన్నంతకాలం డబ్బే తీసుకోండి. సెలవు ఎప్పుడు ఇవ్వాలో తేల్చేది మేనేజరు, రెండు నెలల్లో 12 రోజులు ఇవ్వమంటే ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకోకపోతే నష్టమూ లేదు, ఎందుకంటే గంటకి అదే 24. ఒక్క విషయంలో మాత్రం సెలవు మెరుగు. హెల్త్ ఇన్సూరెన్స్ ఆ ఉద్యోగం మీదే ఉండి, కొత్తచోట మొదలవడానికి కొన్ని వారాలు పడుతుందంటే, చివరి తేదీని కొద్దిగా జరిపి మధ్యలో పీటీఓ వాడితే ఆ ఖాళీ పూడుతుందేమో హెచ్ఆర్‌ని అడగండి.

చివరి చెక్కు చూసి మళ్లీ నాకు ఉత్తరం రాయకుండా ఇప్పుడే చెబుతున్నా, 2,880 డాలర్లు మొత్తం చేతికి రావు. ఇలా ఒక్కసారిగా ఇచ్చే పీటీఓ డబ్బు మీద చాలా కంపెనీలు ఫెడరల్ టాక్స్ 22 శాతం చొప్పున పట్టుకుంటాయి, అది 633.60. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం, 220.32. కాలిఫోర్నియా టాక్స్ 6.6 శాతం, 190.08. దానిమీద రాష్ట్ర డిజబిలిటీ కోత ఇంకో ముప్పై, నలభై డాలర్లు. చేతికొచ్చేది దాదాపు 1,800. మామూలు చెక్కుతో పోలిస్తే కోత ఎక్కువ అనిపిస్తుంది, కానీ ఆ 22 శాతం అనేది పట్టుకునే పద్ధతే గానీ మీ అసలు టాక్స్ కాదు, ఎక్కువ పట్టుకుని ఉంటే వచ్చే ఏడాది రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది. ఎఫ్-1 మీద ఓపీటీలో ఉన్న కుర్రాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్లలో చాలామందికి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆ 7.65 కోత ఉండకూడదు, వాళ్ల స్టబ్‌లో ఉంటే అది వేరే గొడవ, దాన్ని అడగాలి.

ఎప్పుడు ఇవ్వాలి అన్నది కూడా ఇక్కడ కచ్చితంగా ఉంది. కనీసం 72 గంటల ముందు నోటీసిచ్చి మానేస్తే చివరి రోజునే మొత్తం కట్టాలి. నోటీసు ఇవ్వకుండా మానేస్తే 72 గంటల్లోపు. వాళ్లే తీసేస్తే అప్పటికప్పుడే. కావాలని ఆపితే, ఆలస్యమైన ఒక్కో రోజుకీ మీ ఒక రోజు జీతం, 30 రోజుల వరకు జరిమానాగా కట్టాలి. మీకు రోజుకి 8 గంటలు, 192 డాలర్లు, పూర్తిగా 30 రోజులైతే 5,760, అంటే అసలు బాకీకి రెట్టింపు. ఈ సంగతి తెలిసిన పేరోల్ వాళ్లు సాధారణంగా ఆలస్యం చేయరు. చేస్తే లేబర్ కమిషనర్ ఆఫీసులో క్లెయిమ్ వేయొచ్చు, దానికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. నోటీసు మాత్రం నోటిమాటగా కాకుండా తేదీతో ఈమెయిల్‌లోనే ఇవ్వండి, దాని కాపీ మీ సొంత ఐడీకి పంపుకోండి. స్టబ్‌లన్నీ ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, ఎందుకంటే చివరి రోజు సాయంత్రానికి పోర్టల్ లాగిన్ తీసేసే కంపెనీలు ఉన్నాయి, ఆ తర్వాత బాలన్స్ ఎంతుందో చూపించడానికి మీ దగ్గరేమీ ఉండదు.

చివరి చెక్కు వచ్చాక ఒక్కటే చూడండి. మీ ఆఖరి రోజు పే పీరియడ్ మధ్యలో పడితే, ఉదాహరణకి రెండో వారం బుధవారం అయితే, ఆ పీరియడ్‌లో మీరు పనిచేసిన 64 గంటలకి కూడా 2.46 జమ కావాలి. కానీ చాలా సిస్టమ్‌లు పీరియడ్ ముగిశాక, అప్పటికి ఉద్యోగంలో ఉన్నవాళ్లకే జమ లెక్క నడుపుతాయి, మధ్యలో వెళ్లిపోయినవాళ్ల చివరి ముక్క అందులో జారిపోతుంది. ఎవరూ కావాలని చేసింది కాదు, మా దగ్గరా అలాగే జరిగేది, ఎవరైనా అడిగితే చేత్తో కలిపి ఇంకో చిన్న చెక్కు ఇచ్చేవాళ్లం. ముందు స్టబ్‌లోని బాలన్స్‌కి ఆ చివరి గంటల జమ కలపండి, చివరి చెక్కులో పీటీఓ కింద కట్టిన గంటలు దానికి సరిపోవాలి. 59 డాలర్లే కదా అని వదిలేయకండి, ఒక్క ఈమెయిల్ పెడితే ఇస్తారు.